పొడవైన చాట్ తర్వాత వచ్చిన రెండు మాటల మెసేజ్ దేని గురించో తేల్చుకోవడం ఎలా?

మీరు ఒకరికి వెబ్‌సైట్ డిజైన్ చేసి పెడుతున్నారనుకోండి. ఆయనతో గంటసేపు చాట్ నడిచింది. ముందు లోగో రంగు గురించి మాట్లాడుకున్నారు. తర్వాత ఆయన పంపాల్సిన ఫొటోలు, ఆ తర్వాత రెండో విడత డబ్బు, చివరికి బుధవారం వీడియో కాల్. "సరేనండి, ఉంటాను" అని ఆయన ముగించారు. నలభై నిమిషాల తర్వాత ఆయన నుంచే ఇంకో మెసేజ్ వచ్చింది: "శుక్రవారం అయితే?"

కాల్‌ని శుక్రవారానికి మార్చమంటున్నారా, ఫొటోలు శుక్రవారం పంపితే చాలా అంటున్నారా, డబ్బు శుక్రవారం వేస్తానంటున్నారా? మూడింటికీ ఆ రెండు మాటలు సరిపోయేలాగే కనిపిస్తాయి. చాలామంది చివరి విషయం కాల్ కాబట్టి అదే అనుకుని "సరే, శుక్రవారం కలుద్దాం" అని పంపేస్తారు. ఇలాంటి మెసేజ్ వచ్చినప్పుడు ఏ క్రమంలో ఆలోచిస్తే సరైన విషయం దొరుకుతుందో ఈ ఉదాహరణ మీదే చూద్దాం.

1. నోటిఫికేషన్ చూసి జవాబివ్వకండి, చాట్ తెరవండి

నోటిఫికేషన్‌లో ఆ రెండు మాటలే కనిపిస్తాయి. చాట్ తెరిస్తే ఆయన మీ పాత మెసేజ్‌ని పక్కకు జరిపి, దానికే రిప్లై ఇచ్చి ఉండొచ్చు. అప్పుడు పైన చిన్న పెట్టెలో ఆ పాత మెసేజ్ కనిపిస్తుంది, అక్కడితో మీ ప్రశ్న తేలిపోతుంది. ఒకవేళ ఆ పెట్టె లేకపోతే దాని నుంచి ఏ అర్థమూ తీయకండి. చాలామంది ఎప్పుడూ అలా రిప్లై ఇవ్వరు.

రెండోది టైమ్. మీ చివరి మెసేజ్‌కీ ఆయన మెసేజ్‌కీ మధ్య కొన్ని సెకన్లే ఉంటే, మీది రాకముందే ఆయన టైప్ చేయడం మొదలుపెట్టి ఉంటారు. మీరు "లోగో నీలం రంగులోనే ఉంచనా?" అని అడిగి, వెంటనే "కాల్ బుధవారం పెట్టుకుందామా?" అని పంపారనుకోండి. రెండో మెసేజ్ వెళ్లిన మరుక్షణమే "ఓకే" అని వచ్చింది. ఆ ఓకే నీలం రంగుకే అయ్యే అవకాశం ఎక్కువ. వాట్సాప్‌లో మీ మెసేజ్‌ని నొక్కి పట్టుకుని ఇన్ఫో చూస్తే అది ఎప్పుడు అందింది, ఎప్పుడు చదివారు అన్నది తెలుస్తుంది (ఆయన రీడ్ రిసీట్స్ ఆపేసి ఉంటే చదివిన టైమ్ కనిపించదు). కానీ ఒక జాగ్రత్త. ఆయన ఫోన్‌లో చాట్ తెరిచే ఉంటే, ఆయన కళ్లు కీబోర్డు మీద ఉన్నా మీ మెసేజ్ చదివినట్టే నమోదవుతుంది. అందుకే నీలం టిక్కుల కంటే రెండు మెసేజ్‌ల మధ్య ఎంత వ్యవధి ఉందన్నదే ఎక్కువ నమ్మదగ్గ ఆధారం.

మన ఉదాహరణలో నలభై నిమిషాల ఎడం ఉంది. కాబట్టి మెసేజ్‌లు ఒకదానికొకటి ఎదురుపడే సమస్య లేదు.

2. ఏ విషయం ముగిసింది, ఏది తెరిచే ఉంది అని చూడండి

ఇది అసలైన మెట్టు. "చివరి విషయం" అంటే తెర మీద అన్నిటికంటే కింద ఉన్నది అని అనుకుంటాం. మాట్లాడుకునే ఇద్దరి మనసులో పైన ఉండేది మాత్రం ఇంకా తేలని విషయం. ఆఖరున మాట్లాడుకున్నదే అయినా తేలిపోయిన విషయం వెనక్కి వెళ్లిపోతుంది. అంతకు ముందుదే అయినా తేలని విషయం అలాగే వేలాడుతూ ఉంటుంది.

చాట్‌ని కింది నుంచి పైకి చదువుతూ ఒక్కో విషయం ఎక్కడ ఆగిందో చూడండి. మన ఉదాహరణలో ఇలా ఉంది. కాల్ గురించి మీరు "బుధవారం ఉదయం 11కి?" అంటే ఆయన "ఓకే అండి" అన్నారు. అది తేలిపోయింది. డబ్బు గురించి ఆయన "సగం పని అయ్యాక వేస్తాను" అన్నారు, మీరు సరేనన్నారు. అదీ తేలింది, పైగా అందులో ఏ తేదీ లేదు. ఫొటోల గురించి మీరు "గురువారం లోపు పంపగలరా?" అని అడిగితే ఆయన "చూస్తానండి" అన్నారు. అది ఔనూ కాదు, కాదూ కాదు. లోగో రంగు నీలం అని ఖాయమైంది. అంటే నాలుగింటిలో తెరిచి ఉన్నది ఒక్క ఫొటోల విషయమే, అది కూడా ఆయన చేతిలో ఉంది.

"చూస్తాను", "కనుక్కుని చెప్తాను", "ఒకసారి అడగాలి" లాంటి మాటలు ఎక్కడున్నాయో ప్రత్యేకంగా వెతకండి. అలా అన్న మనిషి ఫోన్ పక్కన పెట్టాక ఆ పనే చూసుకుంటాడు, తేలగానే తిరిగి వచ్చి రెండు మాటల్లో చెప్తాడు. నలభై నిమిషాలు, రెండు గంటలు ఆగి వచ్చే చిన్న మెసేజ్‌లలో చాలా భాగం ఈ రకంవే.

"సరేనండి, ఉంటాను" అన్న ముగింపుని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇమాన్యుయేల్ షెగ్లాఫ్, హార్వీ సాక్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు సంభాషణలు ఎలా ముగుస్తాయో పరిశీలించి 1973లో ఒక వ్యాసం ప్రచురించారు. ముగించే ముందు మనుషులు "సరే", "అయితే" లాంటి మాటతో ఒక ఖాళీ వదులుతారని, ఇంతవరకూ చెప్పని విషయం ఏదైనా ఉంటే ఎదుటివారు అప్పుడు చెప్పొచ్చని, ఏమీ లేకపోతేనే ముగింపు పూర్తవుతుందని వాళ్లు చూపించారు. చాట్‌కి దీన్ని అన్వయిస్తే, ముగింపు ఇద్దరూ ఒప్పుకున్నాక చివరి విషయానికి ఉన్న పట్టు సడలుతుంది. ముగింపు మాట లేకుండా మధ్యలో ఆగిన చాట్ అయితే, తర్వాత వచ్చే చిన్న మెసేజ్‌ని చివరి విషయానికే కలపడం ఎక్కువసార్లు సరైనదవుతుంది. ఉంటానని చెప్పి వెళ్లి తిరిగి వచ్చిన మనిషి ఏ విషయానికైనా తిరిగి వచ్చి ఉండొచ్చు.

3. పూర్తి వాక్యం కట్టి చూడండి

ఇప్పుడు ఆ రెండు మాటల్ని ఒక్కో విషయంలోనూ పెట్టి పూర్తి వాక్యం రాయండి. మనసులోనే అయినా సరే, వాక్యం మొత్తం రాయాలి. "లోగో శుక్రవారం అయితే?" అర్థం లేదు, పోయింది. "డబ్బు శుక్రవారం వేస్తే సరేనా?" వాక్యం కుదిరింది కానీ డబ్బు విషయంలో ముందు ఏ రోజూ అనుకోలేదు. "శుక్రవారం అయితే?" అనేది అప్పటికే ఉన్న ఒక రోజుకి బదులుగా ఇంకో రోజు పెట్టే మాట. బదులు పెట్టడానికి అక్కడ రోజే లేదు కాబట్టి ఇది బలహీనం. "కాల్ బుధవారం కాక శుక్రవారం అయితే?" కుదిరింది. "ఫొటోలు గురువారం కాక శుక్రవారం అయితే?" ఇదీ కుదిరింది. నాలుగు రెండయ్యాయి.

ఈ పరీక్షలో తెలుగు మనకు చాలా సాయం చేస్తుంది. క్రియ చివర చూడండి. "వచ్చారా?" అంటే మనుషులు, కాల్‌లో చేరాల్సిన వాళ్లు కావచ్చు. "వచ్చిందా?" అంటే ఒకటే వస్తువు, లోగో ఫైల్ కావచ్చు. "వచ్చాయా?" అంటే ఫొటోలు కావచ్చు, డబ్బులూ కావచ్చు, ఎందుకంటే మనం "డబ్బులు వచ్చాయి" అనే అంటాం. "ఎంతమంది?", "ఎన్ని?", "ఎంత?" కూడా ఇలాగే వేర్వేరు విషయాల్ని పట్టిస్తాయి. మెసేజ్‌ని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసినా ఈ గుర్తులు చెక్కుచెదరవు. వాయిస్ టైపింగ్‌తో పంపినదైతే మాత్రం చివరి అక్షరాల్ని అంతగా నమ్మకండి.

ఇంకో సంగతి. చిన్న మెసేజ్ కొన్నిసార్లు పాత విషయంలో సగాన్నే కొనసాగిస్తుంది. కాల్ బుధవారం అని తేలిన వెంటనే ఆయన "మరి లోగో?" అన్నారనుకోండి. విషయం మారింది, ప్రశ్న మారలేదు. కాల్ గురించి ఎప్పుడు అని మాట్లాడుకున్నారు కాబట్టి ఇక్కడా ఆయన అడిగేది లోగో ఎప్పటికి వస్తుందనే. మీరు పైకి వెళ్లి లోగో చర్చ మొత్తం మళ్లీ చదివి, "నీలం రంగే కదండీ" అని జవాబిస్తే ఆయనకు అర్థం కాదు. అందుకే దేని గురించి, ఏమడుగుతున్నారు అన్న రెండింటినీ విడివిడిగా తేల్చుకోండి. మెసేజ్‌లో పేరు ఉండి ప్రశ్న లేకపోతే, ప్రశ్నని అంతకు ముందు మాట నుంచి తెచ్చుకోవాలి. ప్రశ్న ఉండి పేరు లేకపోతే, పేరుని వెతుక్కోవాలి.

4. మొదటి మాటని గమనించండి

విషయం మార్చేటప్పుడు మనం సాధారణంగా ఊరికే మార్చం, ముందు ఒక మాట వేస్తాం. "అన్నట్టు", "అవునూ" అని మొదలైతే కొత్త విషయం లేదా పక్కన పెట్టిన విషయం వస్తోంది. "ఇంతకీ" అంటే మధ్యలో వచ్చినవి దాటుకుని అసలు విషయానికి తిరిగి వెళ్తున్నారు. "ఇంతకీ ఎప్పుడు?" అన్న మెసేజ్‌ని చివరి విషయానికి కలిపితే తరచూ పొరబాటే అవుతుంది. ఆ చాట్ ఏ పని కోసం మొదలైందో దాని దగ్గరికి వెళ్లాలి. "పోనీ" అంటే ఇప్పుడు నడుస్తున్న ప్రతిపాదనకే ఇంకో దారి చూపిస్తున్నారు. "అయితే" ముందు వస్తే ("అయితే శుక్రవారమేనా?") ఇప్పుడే అన్నదాని మీద తీర్మానం.

ఇలాంటి మాట ఏదీ లేకుండా బోడిగా వచ్చిన మెసేజ్‌ని ముందు కొనసాగింపుగానే పట్టుకోండి. విషయం మారుస్తున్న మనిషికి, పేరు చెప్పకపోతే ఎదుటివాడికి తెలియదన్న స్పృహ ఎంతో కొంత ఉంటుంది. పేరు చెప్పలేదంటే ఇద్దరికీ తెలుసని ఆయన నమ్ముతున్నాడు. దీనికి పెద్ద మినహాయింపు, ఆయన చాట్‌ని పైకి జరుపుకుంటూ చదువుతుండడం. మీ పాత మెసేజ్ ఒకటి ఆయన కళ్ల ముందు ఉంటుంది కాబట్టి ఆయనకు అదే తాజా విషయం, మీ తెర మీద మాత్రం అది ఎక్కడో పైన ఉంటుంది. మెసేజ్‌లోని మాట మీరు ముందెప్పుడో వాడిన మాటతో అచ్చంగా కలిస్తే ఇదే జరుగుతోందని అనుమానించండి.

5. ఆయన చేస్తున్న పని బరువెంతో చూడండి

మన ఉదాహరణలో కాల్, ఫొటోలు మిగిలాయి. వీటిలో ఏదో చెప్పేది ఈ మెట్టే. కాల్‌ని మార్చడమంటే ఒప్పుకున్నదాన్ని వెనక్కి తీసుకోవడం. అలా చేసేటప్పుడు మనుషులు ఊరికే ఉండరు. "సారీ అండి, బుధవారం వేరే పని పడింది" అని ఒక కారణమో క్షమాపణో ముందు వస్తుంది. గంటసేపు మర్యాదగా "అండి" అంటూ మాట్లాడిన మనిషి, ఖాయమైన సమయాన్ని రెండు మాటల్లో కొట్టేయడం అరుదు. ఫొటోల విషయంలో ఆయన ఇంకా మాటివ్వలేదు. గడువు గురించి బేరమాడడానికి క్షమాపణ అక్కర్లేదు, "శుక్రవారం అయితే?" అన్నది చక్కగా సరిపోతుంది.

కాబట్టి ఇది ఫొటోల గురించేనని నేనంటాను, చివరి విషయం కాల్ అయినా సరే. అయితే ఇది ఆయన మాటతీరు మీద ఆధారపడ్డ అంచనా. ఎప్పుడూ ముక్తసరిగా రాసే మనిషైతే ఈ ఆధారం విలువ సగానికి పడిపోతుంది. అందుకే పైన ఆయన ఏదైనా కాదన్నప్పుడు ఎలా రాశారో ఒకసారి చూడండి. లోగోకి ఎరుపు వద్దన్నప్పుడు కారణం చెప్పారా, ఒక్క ముక్కలో "వద్దు" అన్నారా?

6. చాట్ బయట ఏం జరిగిందో ఒక్క నిమిషం చూడండి

మర్నాడు పొద్దున వచ్చే "చూశారా?" లాంటి మెసేజ్‌కి చాట్‌లో వెతికితే సమాధానం దొరకకపోవచ్చు. ఆయన ఈమెయిల్ పంపి ఉండొచ్చు, పంచుకున్న ఫోల్డర్‌లో ఏదో పెట్టి ఉండొచ్చు, మీకు ఫోన్ చేసి ఉండొచ్చు. చాట్‌ని పైకి జరపడం మొదలుపెట్టే ముందు మెయిల్, మిస్డ్ కాల్స్ చూడండి. మన ఉదాహరణలో అలాంటిదేమీ లేదనుకుందాం.

7. జవాబులో విషయం పేరు తప్పకుండా రాయండి

ఎంత గట్టిగా నమ్మినా, మీ జవాబులో ఆ విషయం పేరు కనిపించాలి. "సరేనండి, శుక్రవారం" అని రాస్తే ఆయన కాల్ అనుకుని, మీరు ఫొటోలు అనుకుని, ఇద్దరూ తృప్తిగా ఫోన్ పక్కన పెడతారు. తేడా బుధవారం ఉదయం 11 గంటలకు బయటపడుతుంది. "ఫొటోలు శుక్రవారం పంపినా ఫరవాలేదండి" అని రాస్తే, మీ అంచనా తప్పైన మరుక్షణమే ఆయన సరిచేస్తారు.

తర్వాత, తప్పైతే ఏమవుతుందో ఆలోచించండి. తప్పు వల్ల ఇంకో మెసేజ్ మాత్రమే ఖర్చయ్యేలా ఉంటే, అంచనా మీదే జవాబివ్వండి. ఎవరైనా ఎదురుచూస్తూ కూర్చునేలా, డబ్బు కదిలేలా, ఏదైనా రద్దయ్యేలా ఉంటే, రెండో అవకాశాన్ని కూడా అదే జవాబులో కట్టేయండి. మన ఉదాహరణలో నేను ఇలా రాస్తాను:

"ఫొటోలు శుక్రవారం పంపినా ఫరవాలేదండి. కాల్ మాత్రం బుధవారం 11కే అనుకుంటున్నాను, అంతే కదా?"

ఫొటోల గురించి అడిగి ఉంటే ఆయనకు జవాబు దొరికింది. కాల్ గురించి అడిగి ఉంటే, దిద్దడానికి చోటు దొరికింది. "దేని గురించండీ?" అని వట్టిగా అడగడం కంటే ఇది మేలు. ఆ ప్రశ్న ఆయన చేత మొత్తం మళ్లీ రాయిస్తుంది, గంటసేపు మాట్లాడింది మీకు గుర్తులేదేమో అనిపిస్తుంది కూడా. అయినా నేరుగా అడగాల్సిన సందర్భాలు ఉన్నాయి. రెండు విషయాలూ సమానంగా తూగుతుంటే, తప్పు జవాబు వెనక్కి తీసుకోలేనిదైతే అడగండి. అప్పుడు కూడా ఆ రెండిటి పేర్లూ చెప్పి అడగండి: "కాల్ మార్చమంటున్నారా, ఫొటోల గురించా అండి?" ఆయన ఒక్క మాటలో తేల్చేస్తారు.

8. తప్పు పట్టుకున్నారేమో తర్వాతి మెసేజ్‌లో చూడండి

ఆయన "కాదండి" అంటే సులువే. ఇబ్బంది పెట్టేది "అలాగే", "ఓకే" లాంటి జవాబు. మీరు రెండు వాక్యాలు పంపితే వచ్చిన ఒక్క "ఓకే" రెండో వాక్యానికి వర్తిస్తుందో లేదో చెప్పలేం. ఆ విషయానికే చెందిన వివరం ఏదైనా ఆయన నోట వచ్చిందా అని చూడండి. "థ్యాంక్స్ అండి, శుక్రవారం సాయంత్రానికి అన్నీ పంపేస్తాను" అంటే సందేహం లేదు, "అన్నీ పంపేది" ఫొటోలనే. అలాంటి వివరమేదీ రాకపోతే, కాల్‌కి ముందు రోజు "రేపు 11కి కాల్‌లో కలుద్దామండి" అని ఒక్క వాక్యం పంపండి. ఏ తేడా ఉన్నా అప్పుడు బయటపడుతుంది.

ఒకవేళ ఆయన "నేనడిగింది కాల్ గురించండి" అన్నారనుకోండి. వెంటనే కాల్‌కి కొత్త టైమ్ చెప్పి ఊరుకుంటే సరిపోదు. మీ పాత జవాబు ఇంకా అక్కడే ఉంది. ఆయన అడగకుండానే ఫొటోలకు శుక్రవారం దాకా గడువిచ్చేశారు. ఆయన దాన్ని వాడుకోవచ్చు, మర్చిపోనూ వచ్చు. కాబట్టి రెండిటినీ విడివిడిగా రాయండి: "కాల్ శుక్రవారం 11కి మార్చానండి. ఫొటోలు మాత్రం గురువారానికే కావాలి, అవి చూసుకుని కాల్‌లో మాట్లాడుకుందాం."